జార్జియన్ భూతకాలానికి ఆరు వాక్యాల తప్పుల పేరా: రెండేళ్లు వాడాక

జార్జియన్ నేర్చుకుంటున్న ఒక విద్యార్థి రాసిన పేరా ఇది. ఆరు చిన్న వాక్యాలు, ప్రతిదానిలోనూ తప్పు ఉంది. తిబిలిసీలో వైద్యం చదువుతున్న తెలుగు విద్యార్థులతో రెండేళ్లుగా దీన్నే అభ్యాసంగా దిద్దిస్తున్నాను. భూతకాలంలో కర్తకు ఏ ప్రత్యయం రావాలో, క్రియ దేనితో పొసగాలో పట్టుకోవడానికి పాఠ్యపుస్తకాల్లోని పట్టికల కంటే ఇదే ఎక్కువ పనికొచ్చింది. లోపాలూ ఉన్నాయి, అవి చివర చెబుతాను.

పేరాను తెలుగు లిపిలో ఇస్తున్నాను. 'క్వెలి', 'ఇకిదా'లలోని క గొంతు లోపలి నుంచి పలికేది.

గుషిన్ నినోమ్ బాజార్‌షి త్సావిదా. నినో ఇకిదా పుర్స్ దా క్వెల్స్. నినోమ్ క్వెలి మోఎత్సోనా. సాఖ్ల్‌షి బిచి ఇతిరా. సామి స్తుమారి మోవిద్‌నెన్. స్తుమ్రెబ్‌మా పురి చామా.

చెప్పదలచుకున్నది ఇది: నిన్న నినో బజారుకు వెళ్లింది. రొట్టె, చీజ్ కొంది. ఆమెకు చీజ్ నచ్చింది. ఇంట్లో పిల్లాడు ఏడ్చాడు. ముగ్గురు అతిథులు వచ్చారు. అతిథులు రొట్టె తిన్నారు.

ముందు రెండో వాక్యం చూడాలి, ఎందుకంటే మిగతావాటికి మూలం అక్కడే ఉంది. 'నినో రొట్టె కొంటోంది' అనాలంటే జార్జియన్‌లో 'నినో కిదులోబ్స్ పుర్స్'. కర్తకు ఏమీ లేదు, కర్మకు '‑స్' ఉంది. పని పూర్తయిందని చెప్పే భూతకాలానికి వచ్చేసరికి రెండూ మారతాయి. కర్తకు '‑మా' చేరుతుంది, 'ఓ', 'ఆ' లాంటి అచ్చుతో ముగిసే పేరైతే '‑మ్' చాలు. కర్మ మీది '‑స్' ఊడిపోతుంది. కాబట్టి సరైనది 'నినోమ్ ఇకిదా పురి దా క్వెలి'. విద్యార్థి క్రియను భూతకాలంలోకి మార్చాడు, నామవాచకాలను వర్తమానంలోనే వదిలేశాడు. తెలుగులో 'నినో కొంటోంది', 'నినో కొంది' రెండింటిలోనూ కర్త ఒకేలా ఉంటుంది, అందుకే అక్కడ చూడాలన్న ఆలోచనే రాదు. ఈ ప్రత్యయాన్ని జార్జియన్‌లో 'మోథ్‌ఖ్రోబిథి' విభక్తి అంటారు. కథ చెప్పడం అనే మాట నుంచి వచ్చిన పేరు. జరిగింది చెప్పేటప్పుడు వచ్చే విభక్తి అని గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ సంగతి తెలిసిన మరుక్షణం విద్యార్థులు భూతకాలంలో కనిపించిన ప్రతి కర్తకూ '‑మా' తగిలిస్తారు. మొదటి వాక్యంలోని 'నినోమ్ త్సావిదా' అలా వచ్చిందే. వెళ్లడం, రావడం లాంటి క్రియల కర్త మారదు, 'నినో త్సావిదా' అనాలి. సరే, కర్మ ఉంటేనే '‑మా' అనుకుంటే నాలుగో వాక్యం అడ్డుపడుతుంది. ఏడవడానికి కర్మ లేదు, అయినా 'బిచ్‌మా ఇతిరా' అనే అనాలి. హిందీ వచ్చినవాళ్లు ఇక్కడే ఎక్కువగా పడతారు. హిందీ 'నే'తో పోల్చుకోవడం రెండో వాక్యంలో బాగా సాయపడుతుంది, కానీ హిందీలో 'లడ్‌కా రోయా' అంటారే తప్ప 'లడ్‌కే నే' అనరు.

మరి ఏ క్రియకు ఏది వస్తుందో ఎలా తెలుస్తుంది? ఈ పేరా దిద్దించడంలో అసలు పని ఇదే. కర్తను చూడొద్దు. ముందు క్రియ కింద గీత గీసి, దాని 'వాళ్లు' రూపాన్ని పక్కన రాయించాలి. 'కొన్నారు' ఇకిదెస్, 'ఏడ్చారు' ఇతిరెస్, 'తిన్నారు' చామెస్. చివర '‑ఎస్' వచ్చింది, కాబట్టి కర్తకు '‑మా'. 'వెళ్లారు' త్సావిద్‌నెన్, 'వచ్చారు' మోవిద్‌నెన్. చివర '‑నెన్' వచ్చింది, కాబట్టి కర్తకు ఏమీ వద్దు. 'వాళ్లకు నచ్చింది' మోఎత్సోనాథ్. చివర '‑థ్' వచ్చింది, కాబట్టి '‑స్'. అర్థాన్ని బట్టి క్రియలను వర్గాలుగా కంఠస్థం చేయించడం కంటే ఇది త్వరగా పట్టుబడుతుంది, ఎందుకంటే బహువచన రూపాన్ని ఎలాగూ నేర్చుకోవాల్సిందే.

'‑థ్' రకమే మూడో వాక్యం. తెలుగువాళ్లకు ఇది అసలు తప్పు పోకూడని చోటు. మనం 'నినో నచ్చింది' అనం కదా, 'నినోకు నచ్చింది' అంటాం. జార్జియన్‌లోనూ అంతే: 'నినోస్ క్వెలి మోఎత్సోనా'. ఆకలి, ఇష్టం, ప్రేమ చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి. '‑మా' నేర్చుకోకముందు సరిగ్గా రాసినవాళ్లే, నేర్చుకున్నాక ఇక్కడ 'నినోమ్' అని రాస్తారు. అలా రాస్తే తెలుగు వాక్యాన్ని పైకి చెప్పమంటాను. 'కు' వినిపించగానే వాళ్లే దిద్దుకుంటారు.

ఇక ఏకవచన బహువచనాల పొసగుబాటు. ఐదో వాక్యం తెలుగు తెచ్చిన తప్పు. 'ముగ్గురు అతిథులు వచ్చారు' అని మనకు మూడూ బహువచనాలే. జార్జియన్‌లో అంకె ముందుంటే నామవాచకం ఏకవచనంలో ఉంటుంది, క్రియ కూడా దాని వెంటే ఏకవచనంలో ఉంటుంది: 'సామి స్తుమారి మోవిదా'. విద్యార్థి 'స్తుమారి'ని సరిగ్గానే ఏకవచనంలో పెట్టి, క్రియ దగ్గర మళ్లీ తెలుగులోకి జారాడు. ఆ వెంటనే ఆరో వాక్యంలో అంకె లేదు, 'స్తుమ్రెబ్‌మా' స్పష్టంగా బహువచనం, అందుకని 'చామెస్' అనాలి. అక్కడ 'చామా' రావడానికి నాకు తరచూ కనిపించే కారణం హిందీయే. 'మెహ్‌మానోం నే రోటీ ఖాయీ'లో క్రియ రొట్టెతో పొసగుతుంది. జార్జియన్‌లో కర్తకు ప్రత్యయం వచ్చినా, క్రియ బహువచనం కర్తనే అనుసరిస్తుంది. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉండటమే ఈ పేరాలో నాకు బాగా నచ్చిన విషయం. అవే అతిథులు, ఒక వాక్యంలో ఏకవచన క్రియ, తర్వాతి దానిలో బహువచన క్రియ.

దిద్దాక: గుషిన్ నినో బాజార్‌షి త్సావిదా. నినోమ్ ఇకిదా పురి దా క్వెలి. నినోస్ క్వెలి మోఎత్సోనా. సాఖ్ల్‌షి బిచ్‌మా ఇతిరా. సామి స్తుమారి మోవిదా. స్తుమ్రెబ్‌మా పురి చామెస్.

పేరా అంతా మూడో వ్యక్తిలో ఉండటం మంచిదే. 'మే' (నేను), 'షెన్' (నువ్వు) ఈ మూడు విభక్తుల్లోనూ మారవు. రోజూ డైరీ 'నేను' అంటూ రాసేవాళ్లలో ఈ తప్పు నెలల తరబడి బయటపడదు. అలాంటివాళ్ల చేత అదే పేజీని 'నినో' పేరుతో తిరగరాయించండి, తప్పులన్నీ పైకి తేలతాయి.

లోపాల్లో చిన్నది విశేషణం లేకపోవడం. మంచి పిల్లాడు 'కార్గి బిచి', కానీ '‑మా' వచ్చేచోట 'కార్గ్‌మా బిచ్‌మా' అని రెండూ మారాలి. 'ఆ'తో ముగిసే 'పాతారా' (చిన్న) మాత్రం అలాగే ఉంటుంది. ఇది ఆ తర్వాత నేర్పుకోవచ్చు.

పెద్ద లోపం వేరు. ఆరు వాక్యాలూ పూర్తయిన పనులే కావడంతో, భూతకాలం అంటేనే '‑మా' అన్న అభిప్రాయం మిగిలిపోతుంది. 'కొంటూ ఉండేది' అనే అసంపూర్ణ భూతకాలంలో కర్త, కర్మ రెండూ వర్తమానంలో ఉన్నట్టే ఉంటాయి: 'నినో కిదులోబ్దా పుర్స్'. ఈ వాక్యాన్ని ఏడోదిగా చేర్చి వాడుతున్నాను. పైన చెప్పిన పరీక్ష దీనికీ సరిపోతుంది, 'కొంటూ ఉండేవారు' కిదులోబ్ద్‌నెన్ కాబట్టి కర్తకు ఏమీ రాదు. పరీక్షకు లొంగనిది ఒకటి చెప్పి తీరాలి: 'తెలుసు' అనే క్రియ. 'నినోమ్ ఇత్సిస్' అంటే 'నినోకు తెలుసు'. వర్తమానంలోనే కర్తకు '‑మ్' వచ్చేసింది. 'వాళ్లకు తెలిసి ఉండేది' ఇత్సోద్‌నెన్, చివర '‑నెన్' ఉన్నా కర్తకు '‑మా' రావాల్సిందే. తెలుగులోని 'కు' కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఈ ఒక్క క్రియను విడిగా కాగితం అడుగున రాయించండి.