గ్రాఫుల పాఠానికి ఓహెచ్‌పీ షీటు: పర్లాకిమిడిలో మూడేళ్లు వాడాక

పర్లాకిమిడిలో ప్లస్ టూ ట్యూషన్‌లో, బొమ్మలోని పరావలయం చూసి దాని సమీకరణం రాయడానికి y = x² గీసిన పారదర్శక షీటును మూడేళ్లుగా వాడుతున్నాం. జెరాక్సు షాపులో దొరికే ఏ4 ఓహెచ్‌పీ షీటు చాలు. గ్రాఫు కాగితం మీద పరిచి, 1 సెం.మీ. ఒక యూనిట్‌గా, x −3 నుంచి 3 దాకా అర సెంటీమీటరుకో చుక్క పెట్టి పర్మనెంట్ మార్కర్‌తో కలపాలి. షీటు వంకరపోకుండా వంపు మధ్యలో నిలువు గీత ఒకటి గీసుకోండి.

జరపడంలో దీనికి సాటి లేదు. కుడికి 3 గళ్లు జరిపితే (x + 3) రాసే పిల్లలు ఇక్కడే ఆగి ఆలోచిస్తారు. కాగితం మీద 3 దగ్గరున్న చుక్క షీటు మీద 0. అంటే కాగితపు x లోంచి 3 తీసేస్తేనే షీటు x వస్తుంది. అందుకే (x − 3).

ఒక బొమ్మ చూద్దాం. శీర్షం (3, 4), వంపు కిందికి, (4, 2), (5, −4) మీదుగా పోతుంది. షీటును తలకిందులు చేసి శీర్షం మీద ఆనిస్తే మైనస్ గుర్తు తేలిపోతుంది. ఇక సాగదీత. షీటు సాగదు కదా, అక్కడ కొలవాలి. శీర్షం నుంచి 1 గడి పక్కకెళ్తే షీటు గీత 1 దిగింది, బొమ్మ 2 దిగింది. 2 గళ్ల దగ్గర షీటు 4, బొమ్మ 8. రెండు చోట్లా రెట్టింపే, కాబట్టి y = −2(x − 3)² + 4. నిష్పత్తి ఒక్కో చోట ఒక్కోలా వస్తే షీటు సరిగ్గా ఆనలేదు, లేదా అది పరావలయమే కాదు.

ఎక్కువమంది తప్పేది ఈ కొలతలోనే. (5, −4) లోని 4ను చూసి, షీటు దిగుడు కూడా 4 కనుక గుణకం −1 అనేస్తారు. దిగుడు x అక్షం నుంచి కాదు, శీర్షం ఎత్తు నుంచి కొలవాలి. −1 పెట్టి x = 4 దగ్గర చూస్తే 3 వస్తుంది, బొమ్మలో ఉన్నది 2. ఇంకొందరు −2[(x − 3)² + 4] అని రాస్తారు. అప్పుడు 4 కూడా −2తో గుణించబడి శీర్షం (3, −8)కి పడిపోతుంది.

షీటుకు రెండు లోపాలున్నాయి. పుస్తకంలో రెండు అక్షాల స్కేలు వేరైతే అస్సలు పనికిరాదు, ముందు బొమ్మను సమాన గళ్లలో మళ్లీ గీయాలి. రెండోది, ఈ వంపు ఎడమ కుడి ఒకేలా ఉంటుంది కనుక y అక్షంలో ప్రతిబింబం కనిపించదు. దానికి y = √x షీటు వేరే చేసుకోవాలి. దాన్ని పక్కకు బోర్లిస్తే √(−x), కిందికి బోర్లిస్తే −√x.