మెడలో బటనా, రోజూ ఫోనా?

పిల్లలు వేరే దేశంలో ఉండి, పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే అసలు టెన్షన్ వాళ్లు ఎక్కడ జారిపడతారోననే. గంటల తరబడి నేల మీదే ఉండిపోతే ఒంట్లో నీరు తగ్గుతుంది, ఒత్తిడికి కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీద భారం పడుతుంది. అందుకే మెడలో వేసుకునే బటన్, రోజూ ఫోన్ చేసే సర్వీసు, ఈ రెండిట్లో ఏది కావాలో సాయం ఎంత త్వరగా అందుతుందో చూసి ఎంచుకోవాలి.

మెడలో వేసుకునే బటన్ నొక్కితే నిమిషాల్లో కాల్ సెంటర్‌కి తెలుస్తుంది. కానీ స్నానానికి వెళ్తూ దాన్ని మంచం మీద పెట్టేస్తారు. స్నానాల గదిలోనేమో జారిపడే ప్రమాదం ఎక్కువ. స్పృహ తప్పితే నొక్కేవాళ్లే ఉండరు. నీళ్లలో తడిసినా పనిచేసేదే తీసుకోవాలి, నెలకోసారి అమ్మ చేత నొక్కించి చూడాలి.

రోజూ ఒకే వేళకి ఫోన్ చేసే సర్వీసుకి ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. ఎత్తకపోవడమే కబురు. కాసేపటికి మళ్లీ చేస్తారు, అప్పుడూ ఎత్తకపోతే తాళంచెవి ఉన్న పక్కింటివారికి చెబుతారు. మాట తడబడినా, మందు రెండుసార్లు వేసుకున్నా ఫోన్లోనే తెలిసే వీలుంది. లోపం ఆలస్యం: ఉదయం ఎనిమిదికి ఫోన్ అనుకుందాం, నాన్న రాత్రి తొమ్మిదికి పడితే పదకొండు గంటలు అలాగే ఉండిపోతారు. రాత్రి పడుకునేముందు ఇంకో ఫోన్ పెడితే సాయంత్రం పడినా ఆ రాత్రే తెలుస్తుంది, అర్ధరాత్రి పడితే మాత్రం తెల్లారేదాకా ఆగాల్సిందే.

మతిమరుపు మొదలైనవారికి నేనైతే ఫోనే ఎంచుకుంటాను. చురుగ్గా ఉండి, ఇదివరకే ఒకసారి పడినవారికి బటన్. ఏదైనా, తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి.