వానలో బయట సీరియల్ లైట్లు: డైరెక్ట్ ప్లగ్గువా, అడాప్టర్‌వా?

ఖర్చు: డైరెక్ట్ ప్లగ్గువి చవక. అడాప్టర్‌వి కాస్త ఎక్కువే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. డైరెక్ట్ సెట్‌లో వైరు తొక్క ఊడితే తడి రెయిలింగ్‌కి కూడా ఫుల్ కరెంటు రావచ్చు, అందుకే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ లేకుండా పెట్టొద్దు. అడాప్టర్‌ది వైర్లో 24 వోల్టుల్లాంటి తక్కువ వోల్టేజే, షాక్ భయం చాలా తక్కువ, కానీ అడాప్టర్ మాత్రం ఇంట్లోనే ఉండాలి.

వాటర్‌ప్రూఫ్: నీళ్లని ఎంతవరకు ఆపుతుందో ఐపీ నంబరు చెప్తుంది. రెండిట్లోనూ ఐపీ44 అంటే చినుకులకే, జోరువానకి ఐపీ65 చూడండి, అయినా ఆ నంబరు దండకే గానీ ప్లగ్గుకి కాదు. జాయింట్‌కి టేపు చుడితే నీళ్లు లోపలే నిలిచిపోతాయి, అందుకే జాయింట్‌ని బాక్సులో పెట్టి వైరుని కిందికి వంపు తిప్పండి, నీళ్లు అక్కడే కారిపోతాయి.

చేతికందే గ్రిల్, మొక్కలు, పిల్లలు తిరిగే చోటైతే అడాప్టర్‌వే. ఎత్తులో పొడవుగా కట్టాలంటే డైరెక్ట్, ఎందుకంటే తక్కువ వోల్టేజీవి చివర్లో డిమ్ అయిపోతాయి.