లక్ష రూపాయల ప్రైజా, నాలుగు పూటల భోజనమా? కాలేజీ హ్యాకథాన్‌కి ఏది మేలు

మా జూనియర్లు మొన్న రెండు బడ్జెట్లు వేసుకొచ్చి ఏది ఖాయం చేయమంటారని అడిగారు. భీమవరం దగ్గరి ఇంజినీరింగ్ కాలేజీ, 24 గంటల హ్యాకథాన్, అంటే టీములు ఒకేచోట కూర్చుని ఏకబిగిన ప్రోగ్రామ్ తయారుచేసి చూపించే పోటీ. నలుగురేసి చొప్పున 30 టీములు, అంటే 120 మంది. వాలంటీర్లు, మెంటర్లు, జడ్జీలు కలిపితే భోజనాలకి 150 విస్తళ్ల లెక్క. వచ్చే డబ్బు రెండింట్లోనూ ఒకటే, 2 లక్షలు: కాలేజీ ఇచ్చేది 50 వేలు, తలకి 200 చొప్పున రిజిస్ట్రేషన్ ఫీజు 24 వేలు, స్పాన్సర్ల నుంచి 1,26,000.

| ఖర్చు | మొదటి బడ్జెట్ | రెండో బడ్జెట్ |
|---|---|---|
| ప్రైజులు | 1,00,000 | 40,000 |
| భోజనాలు, టీలు | 35,000 | 70,500 |
| మెంటర్లు | 0 | 20,000 |
| హాలు, కరెంటు, నెట్ | 15,000 | 25,000 |
| టీషర్టులు లేదా ఐడీ కార్డులు | 27,000 | 6,000 |
| సర్టిఫికెట్లు, ప్రింటింగ్ | 10,000 | 8,000 |
| చేతిలో మిగులు | 13,000 | 30,500 |

మొదటిది పోస్టర్ మీద బాగుంటుంది. లక్ష అంకె చూసి పక్క జిల్లాల నుంచి కూడా టీములు వస్తాయి. అయినా నేను రెండోదే ఎంచుకోమన్నాను. అందుకు కారణం మొత్తాలు కాదు, ఏ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నదే.

స్పాన్సర్ ఒప్పుకున్న రోజుకీ డబ్బు ఖాతాలో పడే రోజుకీ మధ్య చాలా దూరం ఉంటుంది. కంపెనీ అకౌంట్స్ విభాగం ముందు కాలేజీని వెండర్‌గా నమోదు చేసుకోవాలి, తర్వాత ఇన్‌వాయిస్ తీసుకోవాలి, ఈవెంట్ ఫొటోలు చూడాలి. ఆపైన నెలో రెండు నెలలో పడుతుంది. వంట మేస్త్రికి మాత్రం శనివారం పొద్దున్నే అడ్వాన్సు పడాలి. కాబట్టి ఈవెంట్ రోజున ఖచ్చితంగా చేతిలో ఉండేది కాలేజీ సొమ్ము, ఫీజు కలిపి 74 వేలే. రెండో బడ్జెట్లో భోజనాల ఖర్చు 70,500. ఏ స్పాన్సరు ఆలస్యం చేసినా ఎవరూ ఆకలితో కూర్చోరు. ప్రైజు డబ్బు పది రోజులు ఆగగలదు, అన్నం ఆగలేదు. అందుకే ముందొచ్చే డబ్బుకి భోజనాన్నీ, ఆలస్యంగా వచ్చే డబ్బుకి ప్రైజునీ ముడివేయమంటాను.

మా బ్యాచ్‌లో దీనికి తిరగేసి చేశాం. స్పాన్సర్ మాట ఇచ్చారని పోస్టర్ మీద లక్ష వేశాం. ఆ డబ్బు మూడు నెలలకి వచ్చింది. ఈలోగా గెలిచిన టీము కుర్రాళ్లు ప్రతి వారం ఫోన్ చేసేవాళ్లు, వాళ్లకి చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. వాళ్లు మళ్లీ మా కాలేజీకి రాలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. పోస్టర్ మీద వేసిన అంకె అప్పులాంటిది. తర్వాత తగ్గించడం కుదరదు.

పెద్ద ప్రైజుకి ఇంకో చిక్కుంది. లక్షలో మొదటి ప్రైజు 50 వేలనుకుందాం. అదంతా టీము లీడరు ఒక్కరి ఖాతాలో వేస్తే 10 వేల పరిమితి దాటింది కాబట్టి 30 శాతం టీడీఎస్ కోయాల్సిందేనంటారు కొందరు ఆడిటర్లు. అలా కోస్తే చేతికొచ్చేది 35 వేలు. ఈ సంగతి కాలేజీ ఆడిటర్ని పోస్టర్ వేయకముందే అడగాలి, నలుగురికీ విడివిడిగా వేయవచ్చా అన్నదీ అప్పుడే తేల్చుకోవాలి. రెండో బడ్జెట్లో 40 వేలని 15, 10, ఆపైన మూడు అంశాలకి ఐదేసి వేలుగా విడగొట్టారు. అంటే 30 టీముల్లో ఐదు ఏదో ఒకటి పట్టుకెళ్తాయి.

భోజనానికి తలకి 470 ఎలా వచ్చిందంటే, శని, ఆదివారాల మధ్యాహ్న భోజనాలు 110 చొప్పున, రాత్రి భోజనం 100, ఆదివారం టిఫిన్ 50, సాయంత్రం చిరుతిండి 30, అర్ధరాత్రి ఎగ్ పఫ్ లాంటిది 30, నాలుగు టీలు 40. మొదటి బడ్జెట్ ఒక మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం, రెండు టీలతో సరిపెట్టింది. అర్ధరాత్రి తినడానికేమీ లేకపోతే టీములు గేటు దాటి బయటికెళ్తాయి, కొన్ని హాస్టల్ గదులకి వెళ్లి పడుకుంటాయి. తెల్లారేసరికి హాల్లో ఎన్ని టీములు మిగిలాయో లెక్కపెడితే ఆ కోత ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఫీజు లేకుండా పెడితే నాలుగో వంతు మంది దాకా రాకపోవడం నేను చూశాను. తలకి 200 పెట్టడం ఆదాయం కోసమే కాదు, విస్తళ్ల లెక్క తప్పకుండా ఉండటానికి కూడా.

మెంటర్లకి 20 వేలంటే గౌరవ వేతనం కాదు. హైదరాబాద్ నుంచి వచ్చే పూర్వ విద్యార్థులు ఎనిమిది మందికి రానుపోను రైలు, ఆటో, ఇద్దరికో గది, కలిపి తలకి 2,500. ఒక్కొక్కరికి నాలుగు టీములు. పావుగంట చొప్పున మాట్లాడినా గంటలో ఒక చుట్టు పూర్తవుతుంది. వాళ్లు ఎక్కువ అవసరమయ్యేది ప్రారంభోత్సవంలో కాదు, రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. అనుకున్నది ఆడక టీములు చేతులెత్తేసేది అప్పుడే. మెంటర్లని పిలిచేటప్పుడే ఆ వేళలు చెప్పి ఒప్పించాలి.

హాలు విషయంలో రెండు బడ్జెట్లలోనూ సొంత క్యాంపస్‌నే రాసుకున్నారు, అది సరైనదే. రెండో బడ్జెట్ అదనంగా పెట్టిన పదివేలు జనరేటర్ డీజిల్, టేబుల్‌కో ఎక్స్‌టెన్షన్ బోర్డు, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ వాళ్లకి. 120 లాప్‌టాప్‌లు ఒక్కోటి 65 వాట్లనుకుంటే 7.8 కిలోవాట్లు, ఏసీలు వేరే. ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడి టేబుళ్లని సర్క్యూట్లకి పంచకపోతే లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే ఎంసీబీ స్విచ్ ఒకటి పడిపోగానే వరసంతా ఆగిపోతుంది. అమ్మాయిలు రాత్రి ఉండాలంటే మేడమ్ ఒకరి డ్యూటీ, విశ్రాంతి గది, ఇంటి నుంచి అనుమతి లేఖ ముందే అడగాలి. ఇవి లేకపోతే వాళ్ల టీములే ముందు తప్పుకుంటాయి.

ఇక స్పాన్సర్లు. మొదటి బడ్జెట్ 1,26,000 అంతా ఒకే టైటిల్ స్పాన్సర్ మీద పెట్టింది. వాళ్లు వెనక్కి తగ్గితే 74 వేలతో లక్ష ప్రైజు ఇవ్వాల్సి వస్తుంది. రెండోది 60 వేల ప్యాకేజీ ఒకటి, 25 వేలవి రెండు, ఊళ్లోని కంప్యూటర్ షాపు నుంచి 16 వేలు. తిరగడం ఎక్కువే, కానీ ఒకరు పోతే మిగతావాళ్లుంటారు. ప్యాకేజీలో లోగో సైజు కాకుండా ఏమిస్తామో రాయాలి: స్టాల్, ఒక వర్క్‌షాప్ గంట, ఒప్పుకున్న విద్యార్థుల రెజ్యూమేలు. జడ్జి కుర్చీ మాత్రం అమ్మొద్దు. క్లౌడ్ క్రెడిట్లు, ఉచిత కోర్సులు ఎంత విలువ చెప్పినా డబ్బు వరసలో రాయొద్దు, వాటితో సాంబారు రాదు. ధర చెప్పేటప్పుడు జీఎస్టీ అదనమని రాతలో ఉండాలి. కాలేజీకి జీఎస్టీ ఉండి, లక్షలోనే పన్ను కలిసుందని స్పాన్సర్ అంటే 18 శాతం పోను మిగిలేది 84,746.

మొదటి బడ్జెట్‌ని నేను ఒప్పుకునే సందర్భం ఒకటుంది. స్పాన్సరే ప్రైజు డబ్బు గెలిచినవాళ్లకి నేరుగా ఇస్తామని, కాలేజీ ఖాతాతో పనిలేదని లేఖ రాసిస్తే లక్ష వేసుకోవచ్చు. అప్పుడు మన 2 లక్షల్లో ప్రైజు వరసే ఉండదు. అలాంటి లేఖ లేదు కాబట్టి జూనియర్లకి ఒక తేదీ చెప్పాను: ఈవెంట్‌కి 15 రోజుల ముందు. ఆ రోజుకి స్పాన్సర్ డబ్బులో సగం, అంటే 63 వేలు ఖాతాలో పడి ఉండాలి. మెంటర్ల టికెట్లు, హాలు ఖర్చు కలిపి 45 వేలు అందులోంచే. పడకపోతే 40 టీముల దాకా తీసుకుందామన్న ఆలోచన మానుకోవాలి, మూడు ఐదువేల ప్రైజుల పోస్టర్ ప్రింటుకి పంపకూడదు.