ఆదివారం నాలుగు గంటలా, రోజూ పావుగంటా? కొట్టు పని చేస్తూ జీఎస్టీ నేర్చుకోడానికి ఏది మేలు

పర్లాకిమిడిలో సిమెంటు, ఇనుము అమ్మే కొట్టులో లెక్కలు రాస్తాను. మాది ఒడిశా, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్ర. రోజూ రెండు రాష్ట్రాల బిల్లులూ నా చేతి మీదుగానే వెళ్తాయి. ముప్పై ఎనిమిదో ఏట జీఎస్టీ నేర్చుకోవలసి వచ్చి, రెండు పద్ధతులూ పట్టి చూశాను.

మొదటిది ఆదివారం చదువు. నాలుగు గంటలు కూర్చుని నోట్సు తిరగేసి, ముఖ్యమైన చోట గీతలు పెట్టేవాణ్ణి. లేచేటప్పటికి అంతా వచ్చేసినట్టే ఉండేది. గురువారం కొట్టు కుర్రాడు "అన్నా, పాతపట్నం బిల్లుకి ఏ ట్యాక్స్ వెయ్యాలి?" అంటే మళ్ళీ నోట్సు వెతుక్కునేవాణ్ణి. చూసిన పేజీని గుర్తుపట్టడం వేరు, పేజీ లేకుండా జవాబు చెప్పడం వేరు. కొట్టులో అవసరం రెండోదే.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఇదే తేలింది. పాఠాన్ని రెండోసారి చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పరీక్షలో కాస్త ముందున్నారు. వారం తర్వాత మాత్రం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళకి 56 శాతం గుర్తుంటే, మళ్ళీ చదివినవాళ్ళకి 42 శాతమే గుర్తుంది. కాబట్టి రేపు ఒక్కరోజు గట్టెక్కాలంటే చదువుకోవడమే చాలు. వచ్చే నెలకీ గుర్తుండాలంటే చాలదు.

రెండో పద్ధతి రోజూ పావుగంట. దానికి మేకులు వేసుకునే ఐదు గదుల రేకు పెట్టె తీసుకున్నాను. చీటీకి ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. మొదటి గది రోజూ, రెండోది మూడు రోజులకి, మూడోది వారానికి, నాలుగోది రెండు వారాలకి, ఐదోది నెలకి చూస్తాను. జవాబు కాగితం మీద రాశాకే చీటీ తిప్పాలి. సరైతే తర్వాతి గదికి, తప్పైతే మళ్ళీ మొదటి గదికి. ఫోన్ యాప్ అయితే ఈ లెక్క అదే చూసుకుంటుంది. నాకు మాత్రం గల్లా పక్కనున్న ఈ రేకు పెట్టే సుఖంగా ఉంది.

ప్రశ్న ఎలా రాస్తామన్నదే అసలు విషయం. "ఐజీఎస్టీ అంటే ఏమిటి?" అని రాస్తే నిర్వచనం వస్తుంది, బిల్లు రాదు. నా చీటీ ఇలా ఉంటుంది: 200 బస్తాల సిమెంటు, బస్తా 320 రూపాయలు, మన లారీలో పాతపట్నం డీలరుకి. ట్యాక్స్ ఏది, ఎంత? సరుకు విలువ 64,000, వేరే రాష్ట్రానికి అమ్మకం కాబట్టి దాని మీద 18 శాతం ఐజీఎస్టీ 11,520. మొత్తం 50,000 దాటింది కాబట్టి లారీతో పాటు వెళ్ళాల్సిన ఈ-వే బిల్లు కూడా కావాలి. అదే సరుకు పర్లాకిమిడి డీలరుకైతే అమ్మకం రాష్ట్రంలోపలే, అప్పుడు కేంద్రానికి సీజీఎస్టీ 5,760, రాష్ట్రానికి ఎస్జీఎస్టీ 5,760.

నన్ను ఎక్కువసార్లు ఓడించిన చీటీ ఇంకొకటి. పాతపట్నం డీలరు కొని, సరుకు నేరుగా కాశీనగర్‌లోని తన ఖాతాదారుకి దింపమన్నాడు. కాశీనగర్ మన గజపతి జిల్లాయే, లారీ సరిహద్దు దాటదు. అయినా మన బిల్లుకి ఐజీఎస్టీయే, ఎందుకంటే అలా దింపమన్న డీలరు ఉన్న చోటునే సరఫరా స్థలంగా చట్టం లెక్కేస్తుంది. ఇక్కడ సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ కడితే ఐజీఎస్టీ మళ్ళీ కట్టి, ముందు కట్టినదానికి రిఫండ్ పెట్టుకోవాలి. ఈ చీటీ నాలుగుసార్లు మొదటి గదికి తిరిగొచ్చింది. ఇప్పుడు తడుముకోను.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. అర్థం కాని విషయాన్ని చీటీ మీదకి ఎక్కిస్తే బట్టీ అవుతుంది, ముందు ఎవరి దగ్గరైనా అడిగి తెలుసుకోవాలి. రోజుకి ఐదు కొత్త చీటీలు మించితే రెండు వారాల్లో పాతవి కుప్పపడి పావుగంట కాస్తా గంటవుతుంది. అంకెలు మార్చకపోతే ప్రశ్న చదవకుండానే జవాబు నోటికొస్తుంది, అలా వచ్చిందంటే ఆ చీటీ తిరగరాయాలి. రేటు మారినా అంతే: 2025 సెప్టెంబరు 22న సిమెంటు 28 నుంచి 18కి దిగింది, ఆ రోజే పాత చీటీలు చింపేశాను. ఇక కంప్యూటర్లో బిల్లు కొట్టే వేగం చీటీలతో రాదు, అది చేతితోనే రావాలి.

మరి త్వరగా వచ్చేది ఏది? బ్రిటన్‌లో తపాలా ఉద్యోగులకి టైపింగ్ నేర్పినప్పుడు బాడెలీ, లాంగ్‌మన్ దీన్ని కొలిచి 1978లో ప్రచురించారు. రోజుకి గంట నేర్చుకున్నవాళ్ళకి కీబోర్డు సుమారు 35 గంటల్లో వచ్చింది. రోజుకి నాలుగు గంటలు కూర్చున్నవాళ్ళకి సుమారు 50 గంటలు పట్టింది. కానీ రోజుల్లో లెక్కేస్తే నాలుగు గంటలవాళ్ళే ముందు ముగించారు. పైగా గంటవాళ్ళే తమ పద్ధతి మీద ఎక్కువ అసంతృప్తిగా ఉన్నారు, వెనకబడిపోతున్నామని వాళ్ళకి అనిపించింది. నాకూ మొదటి నెల అలాగే ఉండి, ఆదివారం చదువుకే తిరిగి పోదామనుకున్నాను.

అందుకే పది రోజుల్లో కొత్త ఉద్యోగంలో చేరాల్సినవాళ్ళకి గంటలకొద్దీ కూర్చోమనే చెబుతాను, ఆ కూర్చున్నప్పుడు కూడా పుస్తకం మూసి రాసుకోమంటాను. చేతిలో రెండు మూడు నెలలుండి, రోజంతా కొట్టు పని చేసేవాళ్ళకి చీటీల పెట్టే మేలు. నా పెట్టెలో ఇప్పుడు నూటముప్పై చీటీలున్నాయి. ఈ నెల మొదటి గదికి వెనక్కి వచ్చినవి ఆరు, అందులో నాలుగు సరుకు వాపసు వచ్చినప్పుడు రాసే క్రెడిట్ నోట్ల మీదే. అవి గుర్తులేక కాదు, నాకు సరిగా అర్థం కాక తప్పుతున్నాయి. ఈ వారం ఆడిటరు దగ్గర కూర్చుని ముందు ఆ ముక్క తేల్చుకోవాలి.