నవల సినిమా హక్కులకు ఆప్షన్ తీసుకుంటున్నారా? ధర రాయని కాగితం మీద సంతకం పెట్టకండి

అచ్చయిన నవలను సినిమాగా తీద్దామని హక్కుల కోసం ఎవరితోనైనా మాట్లాడుతున్నారా? అయితే వాళ్లు పంపిన అగ్రిమెంట్‌లో ముందు ఈ వాక్యం ఉందేమో వెతకండి: "ఆప్షన్‌ను వినియోగించుకునే సమయంలో కొనుగోలు ధరను ఇరుపక్షాలు సదుద్దేశంతో చర్చించి నిర్ణయించుకుంటాయి." చదవడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఈ వాక్యం ఉన్న కాగితానికి మీరు ఎంత ఫీజు కట్టినా దాన్ని ఆప్షన్ అనలేం. ఒక సాహిత్య ఏజెంట్ మా బృందానికి అమ్మింది ఇలాంటి కాగితమే. కట్టిన డబ్బు పోయింది, రాసుకున్న స్క్రిప్ట్ పెట్టెలో ఉండిపోయింది. ఆ ఏజెంట్ ఇదే నమూనాను ఇప్పుడు ఇంకొందరికి పంపుతున్నాడని తెలిసింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆప్షన్‌కు డబ్బు ఎందుకు కడతామో ముందు చెబుతాను. నవల హక్కులు మొత్తం ధర పెట్టి మొదటిరోజే కొనేస్తే, సినిమా మొదలవ్వకపోతే ఆ డబ్బంతా ఇరుక్కుపోతుంది. అందుకని చిన్న మొత్తం కట్టి, ఏడాదో ఏడాదిన్నరో ఆ నవలను మన కోసం ఆపి ఉంచుకుంటాం. ఆ గడువులో రచయిత సినిమా హక్కులు వేరే ఎవరికీ ఇవ్వకూడదు. మనం స్క్రిప్ట్ రాయించుకుని, పెట్టుబడి పెట్టేవాళ్లను వెతుక్కుంటాం. అన్నీ కుదిరితే, ముందే ఒప్పుకున్న ధర చెల్లించి హక్కులు కొనేస్తాం. కుదరకపోతే ఆప్షన్ ఫీజు రచయితకు, నవల మళ్లీ రచయితకు. ఇందులో అసలు బలమంతా "ముందే ఒప్పుకున్న ధర" అన్న మాటలో ఉంది. మనం చెప్పినప్పుడు, మనకు తెలిసిన ధరకు అవతలివాళ్లు అమ్మి తీరాలి. మనం ఫీజు కట్టేది దానికే.

అంకెల్లో చూద్దాం. ఏ డబ్బయినా సరే, కొనుగోలు ధర 1000 అనుకోండి. ఆప్షన్ ఫీజు అందులో పదో వంతు, అంటే 100 ఉండటం మామూలు. బేరాన్ని బట్టి ఇంకా తక్కువకూ కుదురుతుంది. గడువు 12 నెలలు. ఇంకో 12 నెలలు కావాలంటే పొడిగింపు ఫీజు మరో 100. మొదటి 100 సాధారణంగా కొనుగోలు ధరలో జమవుతుంది, పొడిగింపు ఫీజు చాలాసార్లు జమకాదు. అలాంటప్పుడు చివర్లో మీరు కట్టాల్సింది 900, మొత్తం ఖర్చు 1100. రెండూ జమకాకపోతే మొత్తం 1200 అవుతుంది. ఏ ఫీజు జమవుతుందో, ఏది కాదో కాగితంలో విడివిడిగా రాసి ఉండాలి. "సముచిత సర్దుబాటు" లాంటి మాటలు ఒప్పుకోకండి.

మాకు వచ్చిన కాగితం పైపైన చూస్తే లోటేమీ కనిపించదు. గడువు ఉంది, పొడిగింపు ఉంది, రచయిత వేరేవాళ్లకు ఇవ్వకూడదన్న షరతు ఉంది. "కొనుగోలు ధర" అన్న చోట "అనుబంధం-బి చూడండి" అని ఉంది. అనుబంధం-బి ఒక పేజీ. పైన బోల్డ్ అక్షరాల్లో శీర్షిక, కింద నేను మొదట రాసిన ఆ ఒక్క వాక్యం, మిగతాదంతా ఖాళీ. అంకె లేదు, శాతం లేదు. అడిగితే, "మామూలుగా ఆప్షన్ ఫీజుకు పది రెట్లు ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడకండి, అప్పుడు చూసుకుందాం" అన్నాడు ఏజెంట్. అదే మాట ఈమెయిల్‌లోనూ రాశాడు. కానీ ఆ మెయిల్ అడుగున చిన్న అక్షరాల్లో "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" అని ఉంది. అంటే అసలు ఒప్పందంలోకి ఎక్కేవరకు అందులో రాసిన దేనికీ తాను కట్టుబడనని అర్థం. పది రెట్లు అన్న అంకె మాత్రం ఒప్పందంలోకి ఎప్పుడూ ఎక్కలేదు.

స్క్రిప్ట్ పూర్తయి, ఫైనాన్స్ చేసేవాళ్లు ముందుకొచ్చాక ఆప్షన్ వినియోగించుకుంటామని రాశాం. పది రెట్లు కాస్తా నలభై అయింది. దాంతోపాటు లాభాల్లో వాటా, స్క్రిప్ట్ మీద రచయిత ఆమోదం కూడా అడిగారు. అప్పటివరకు ఈ రెండిటి ఊసే లేదు.

ఏజెంట్ అంత ధైర్యంగా అడగడానికి కారణం ఉంది. స్క్రిప్ట్ మన డబ్బుతో మన రచయిత రాసిందే, కానీ దాని కింద నవల ఉంది. పాత్రలు, కథ, సన్నివేశాలు అక్కడివే. మూల రచన హక్కు లేకుండా ఆ స్క్రిప్ట్‌ను సినిమా తీయలేం, ఇంకొకరికి అమ్మలేం. పేర్లు మార్చేసి తీద్దామంటే, ఆ నవల కోసం ఆప్షన్ తీసుకున్నట్టు మన సంతకమే సాక్ష్యం. మనం స్క్రిప్ట్ మీద ఎంత ఎక్కువ ఖర్చు పెడితే అవతలివాళ్ల చెయ్యి అంత పైనుంటుంది. ధరను చివరికి వాయిదా వేయడంలో ఉన్న అసలు కిటుకు ఇదే. ఫీజు కట్టే రోజున మనం కాదని వెళ్లిపోగలం. స్క్రిప్ట్ చేతిలో పట్టుకున్న రోజున వెళ్లలేం.

"సదుద్దేశంతో చర్చించుకుంటాం అని రాశారుగా, కోర్టుకు వెళ్లొచ్చుగా?" అని చాలామంది అడిగారు. మేమూ లాయర్‌తో మాట్లాడాం. ధర లాంటి ముఖ్యమైన అంశాన్ని తర్వాత మాట్లాడుకుందామని వదిలేసిన ఒప్పందాన్ని అమలు చేయించడం చాలా కష్టం. ఇంగ్లండ్‌లో 1992లో, అప్పటికి అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు వాల్‌ఫర్డ్ వర్సెస్ మైల్స్ అనే కేసు వచ్చింది. అది ఒక వ్యాపారం అమ్మకానికి సంబంధించిన తగాదా. సదుద్దేశంతో చర్చలు జరుపుతామన్న ఉత్త ఒప్పందానికి కావలసినంత స్పష్టత లేదు కాబట్టి అది అమలు చేయదగింది కాదని అక్కడ తేల్చారు. అన్ని దేశాల చట్టాలూ ఈ విషయంలో ఒకేలా ఉండవు, కొన్నిచోట్ల కోర్టులు సదుద్దేశానికి ఎక్కువ విలువిస్తాయి. అలాంటి చోట గెలిచినా, కోర్టు మీ తరఫున ధర నిర్ణయించి హక్కులు ఇప్పిస్తుందని నమ్మకం పెట్టుకోలేం. ఈలోపు ఫైనాన్స్ చేసేవాళ్లు ఆగరు.

తర్వాత జరిగింది ఇంకా బాధ పెట్టింది. బేరం నడుస్తుండగానే గడువు దగ్గరపడింది. "వచ్చే వారం రచయితతో కూర్చుందాం", "కొత్త డ్రాఫ్ట్ పంపుతున్నాం" అంటూ ఏజెంట్ మెయిల్స్ పెడుతూనే ఉన్నాడు. గడువు దాటిన మర్నాడు వచ్చిన మెయిల్‌లో మాత్రం రెండే వాక్యాలు: ఆప్షన్ ముగిసింది, హక్కులు రచయితకు తిరిగి వెళ్లాయి. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. చర్చలు నడుస్తున్నంత మాత్రాన ఆప్షన్ గడువు ఆగదు. గడువు లోపల రాతపూర్వక నోటీసు, చాలా అగ్రిమెంట్లలో దాంతోపాటు డబ్బు కూడా, అవతలివాళ్లకు చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా ఆప్షన్ పోయినట్టే. మా విషయంలో కట్టాల్సిన ధరే లేదు కాబట్టి, సరైన నోటీసు ఇవ్వడానికి దారే లేకుండా కాగితం రాశారు. పొడిగింపు కూడా "రచయిత సమ్మతితో" అని ఉంది. సమ్మతి రాలేదు. పొడిగింపు అనేది డబ్బు కట్టి నోటీసిస్తే దానంతటదే జరగాలి, ఎవరి దయ మీదా ఆధారపడకూడదు.

ఇక మీరు ఏం అడగాలో చెబుతాను. ఆప్షన్ అగ్రిమెంట్‌కు అనుబంధంగా పూర్తి కొనుగోలు ఒప్పందాన్నే జతచేయమనండి. ధర, క్రెడిట్ ఎలా వేస్తారు, లాభాల్లో వాటా, సీక్వెల్, రీమేక్, సిరీస్ హక్కులు, అన్నీ అందులో ఉండాలి. ఆప్షన్ సంతకం రోజే దాని మీదా ఒప్పుకోలు సంతకాలు పడాలి. మీరు నోటీసిచ్చి డబ్బు కట్టిన క్షణం అది అమల్లోకి రావాలి. అప్పుడు మళ్లీ బేరానికి కూర్చోవడానికి ఏమీ మిగలదు.

"సినిమా ఎంత పెద్దదవుతుందో తెలియకుండా ఇప్పుడే ధర ఎలా చెబుతాం?" అని అవతలివాళ్లు అంటారు. ఆ మాటలో న్యాయం ఉంది, చిన్న సినిమాకు అమ్మిన ధరకే పెద్ద సినిమా తీస్తే రచయిత నష్టపోతారు. దానికి ఎప్పట్నుంచో ఉన్న మార్గం బడ్జెట్‌లో శాతం. ధర బడ్జెట్‌లో 2.5 శాతం, ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంతకు తగ్గదు, ఇంతకు మించదు అని రాసుకుంటారు. పై ఉదాహరణలోనే, కనీసం 1000, గరిష్ఠం 3000 అనుకోండి. బడ్జెట్ 30,000 అయితే 2.5 శాతం 750 అవుతుంది, కనీసం ఉంది కాబట్టి రచయితకు 1000 వస్తుంది. బడ్జెట్ 80,000 అయితే 2000. 2,00,000 అయితే లెక్క 5000 వరకు వెళ్లినా 3000 దగ్గర ఆగుతుంది. ఇద్దరికీ భయం ఉండదు. అయితే "బడ్జెట్" అంటే ఏమిటో అందులోనే రాయండి. అనుకోని ఖర్చుల కోసం పక్కన పెట్టే మొత్తాన్నీ, అప్పు మీద వడ్డీనీ, ఫైనాన్స్ ఖర్చులనూ అందులోంచి తీసేయడం మామూలు. రాయకపోతే చివర్లో దాని మీదే గొడవ.

ఎవరు అమ్ముతున్నారో కూడా చూడండి. సినిమా హక్కులు రచయిత దగ్గరున్నాయా, పబ్లిషర్‌కు ఇచ్చేశారా అన్నది రచయిత, పబ్లిషర్ మధ్య ఒప్పందంలో ఉంటుంది. ఆ పేజీ కాపీ అడగండి. రచయిత దగ్గరే ఉంటే, వాటి మీద తమకు హక్కు లేదని పబ్లిషర్ నుంచి ఒక లేఖ తీసుకోండి. ఏజెంట్ సంతకం ఒక్కటే చాలదు, రచయిత సంతకం ఉండాలి.

ఇంకో క్లాజు కూడా మా కాగితంలో ఉంది. ఆప్షన్ ముగిస్తే "అప్పటివరకు తయారైన సమస్త సామగ్రి" నవల హక్కుదారుకే చెందుతుందని. అంటే మన డబ్బుతో రాయించిన స్క్రిప్ట్ కూడా వాళ్లదే. మా లాయర్ ఇప్పుడు పోరాడుతున్నది దీని మీదే. మీ దగ్గర ఇలాంటిది ఉంటే కొట్టేయించండి. వాళ్లు పట్టుబడితే కనీసం ఇలా రాయించండి: స్క్రిప్ట్ మాదే ఉంటుంది, నవల హక్కులు కొన్న మరో ప్రొడ్యూసర్‌కు అది కావాలంటే దాని మీద మాకైన ఖర్చు ముందు చెల్లించాలి.

అనుబంధంలో ఆ ఒక్క వాక్యం స్థానంలో మా లాయర్ రాసిచ్చింది ఇది, ఎవరైనా వాడుకోవచ్చు, మీ లాయర్‌కు ఒకసారి చూపించి: "కొనుగోలు ధర, ఆమోదం పొందిన తుది బడ్జెట్‌లో ___ శాతం, అది ___ కంటే తగ్గదు, ___ కంటే మించదు. ఆప్షన్ గడువు ముగిసేలోపు కొనుగోలుదారు రాతపూర్వక నోటీసు ఇచ్చి, కనీస ధర చెల్లించిన వెంటనే, ఇరుపక్షాల మరే సమ్మతీ అవసరం లేకుండా, అనుబంధంలోని హక్కులు కొనుగోలుదారుకు బదిలీ అవుతాయి. మిగిలిన మొత్తం, ఉంటే, చిత్రీకరణ మొదలయ్యే రోజున చెల్లించాలి." ఈ ఖాళీలు నింపడానికి ఒప్పుకోని వాళ్లకు ఆప్షన్ ఫీజు కట్టకండి.