రెండో రౌటర్‌తో మూడేళ్లు: సిగ్నల్ నిండుగా ఉన్నా ఇంటర్నెట్ రాని ఆ రెండు రోజులు

ఈ రౌటర్‌ను మూడేళ్లుగా వాడుతున్నాను. ఇంటర్నెట్ సంస్థవారు కనెక్షన్‌తో పాటు ఇచ్చిన పెట్టె ముందు గదిలో ఉంటుంది. దాని నుంచి కేబుల్ లాగి, సొంతంగా కొనుక్కున్న ఈ రౌటర్‌ను వెనక గదిలో పెట్టాను. నా ల్యాప్‌టాప్, ప్రింటర్, టీవీ, పిల్లల ఫోన్లు అన్నీ దీని కిందే నడుస్తాయి. సిగ్నల్ విషయంలో ఫిర్యాదు లేదు. గోడలు దాటి చివరి గది దాకా అందుతుంది, నెలల తరబడి ఆపకపోయినా వేగం తగ్గలేదు. రాత్రి పది తర్వాత పిల్లల ఫోన్లకు ఇంటర్నెట్ ఆపే సదుపాయం ఉండబట్టే దీన్ని కొన్నాను. అది ఒక్క రోజు కూడా తప్పలేదు.

ఇంతటి మంచి రౌటర్ ఒక్కసారి మాత్రం నన్ను రెండు రోజులు అల్లాడించింది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల గురించే. ఒక రౌటర్ వెనక మరో రౌటర్ పెట్టుకున్న ఎవరికైనా ఈ చిక్కు రావచ్చు. వచ్చినప్పుడు కనిపించే లక్షణాలన్నీ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి.

మొదటి ఏడాదిన్నర ఏ గొడవా లేదు. తర్వాత ముందు గదిలోని పెట్టె పాడైతే సంస్థ మనిషి వచ్చి కొత్తది బిగించి వెళ్లాడు. ముందు గదిలో ఫోన్ చూస్తే ఇంటర్నెట్ చక్కగా వస్తోంది. వెనక గదిలోకి వెళ్తే వైఫై గీతలు నిండుగా ఉన్నాయి, కింద మాత్రం కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు అని ఉంది. ల్యాప్‌టాప్‌లోనూ అంతే, టీవీలోనూ అంతే. రెండో రౌటర్ కింద ఉన్న ప్రతిదీ ఒకేసారి ఆగిపోయింది.

రౌటర్ మీద కేబుల్ దీపం వెలుగుతూనే ఉంది. ఆ దీపం తీగలో ప్రాణం ఉందని మాత్రమే చెబుతుంది, ఆ తీగ మీద ఇంటర్నెట్ వస్తోందో లేదో చెప్పదు. ల్యాప్‌టాప్ నుంచి `ping 192.168.1.1` కొట్టాను. కొత్త పెట్టె అడుగున అతికించిన కాగితం మీద ఉన్న చిరునామా అదే. వెంటనే జవాబు వచ్చింది. అయితే ముందు గది పెట్టె దాకా దారి బాగానే ఉందనుకున్నాను. తర్వాత బ్రౌజర్‌లో అదే చిరునామా తెరిచి, కాగితం మీది పాస్‌వర్డ్ కొట్టాను. తప్పు అంది. మూడుసార్లు కొట్టినా తప్పే అంది. బిగించిన మనిషి పాస్‌వర్డ్ మార్చి వెళ్లాడని అనుకుని అతనికి ఫోన్ చేశాను. తాను ఏమీ మార్చలేదని, పెట్టె నుంచి ఇంటర్నెట్ వస్తోందంటే తేడా మీ రౌటర్‌లోనే ఉందని అతను చెప్పాడు. అతనికి కనిపించినంతవరకు అది నిజమే.

రెండో రోజు సాయంత్రం రౌటర్ వివరాల పేజీని నిదానంగా చదివాను. ఈసారి అదే చిరునామాలో, ఈ రౌటర్‌కు నేను పెట్టుకున్న పాత పాస్‌వర్డ్ కొడితే పేజీ తెరుచుకుంది. అంటే 192.168.1.1 అన్నప్పుడల్లా నాకు జవాబిచ్చింది ముందు గది పెట్టె కాదు, నా ఎదురుగా ఉన్న ఈ రౌటరే. పేజీలో ఇలా ఉంది, WAN అంటే బయటి వైపు, LAN అంటే లోపలి వైపు:

```
WAN IP:       192.168.1.7
WAN Gateway:  192.168.1.1
LAN IP:       192.168.1.1
Subnet Mask:  255.255.255.0
```

రెండో వరుసను, మూడో వరుసను పక్కపక్కన పెట్టి చూడండి. రౌటర్ బయటికి వెళ్లే ద్వారంగా నమ్ముకున్న చిరునామా, లోపలి వైపు తనకు తాను పెట్టుకున్న చిరునామా ఒకటే.

ఇది ఎందుకు చెడుతుందో కొంచెం వివరిస్తాను. 255.255.255.0 అనే మాస్క్ ఉన్నప్పుడు చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు వీధి పేరు లాంటివి, నాలుగోది ఇంటి నంబరు. రౌటర్‌కు రెండు వీధులు ఉంటాయి, లోపలిది ఒకటి, బయటిది ఒకటి. ఏ సమాచారం వచ్చినా అది ఏ వీధికి చెందిందో చూసి అటు పంపడమే దాని పని. రెండు వీధులకూ 192.168.1 అనే పేరే ఉంటే, ఆ పేరుతో మొదలయ్యే ఒక చిరునామా లోపల ఉందో బయట ఉందో అది తేల్చుకోలేదు. అంతకంటే పెద్ద చిక్కు ద్వారం దగ్గర వస్తుంది. ఇంటర్నెట్‌కు వెళ్లాల్సిన సమాచారాన్ని 192.168.1.1 చేతికి ఇవ్వాలి. ఆ పేరు తనదే. ఇక ముందు గది పెట్టెకు చేరేదెలా? అందుకే రౌటర్‌లోని పరీక్ష పేజీ నుంచి బయటి చిరునామాకు పింగ్ కొట్టినా జవాబు రాలేదు. ఫోన్లకే కాదు, రౌటర్‌కే ఇంటర్నెట్ లేదు.

పాత పెట్టె 192.168.0.1 మీద ఉండేది కాబట్టి ఏడాదిన్నర పాటు వీధులు వేరుగా ఉన్నాయి. అది నేను కావాలని చేసింది కాదు, అలా కుదిరింది. ఇళ్లు, ఆఫీసుల లోపలి నెట్‌వర్కుల కోసం కేటాయించిన చిరునామాలు మూడే గుంపులు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 పత్రంలో ఇవే ఉన్నాయి. 192.168లోనే 0 నుంచి 255 వరకు వీధులున్నా, చాలా తయారీదారులు 0 లేదా 1 దగ్గరే ఆగిపోతారు. రెండు పెట్టెలు వేర్వేరు చోట్ల తయారైనా ఒకే వీధి పేరుతో రావడం అందుకే అంత మామూలు.

సరిచేయడానికి పావుగంట పట్టింది. ముందుగా రెండో రౌటర్ వాన్ పోర్టు నుంచి కేబుల్ తీసేశాను, అప్పుడు 192.168.1.1 అంటే ఏదన్న సందేహమే ఉండదు. ల్యాప్‌టాప్‌ను దాని ల్యాన్ పోర్టుకు కలిపి, ల్యాన్ చిరునామాను 192.168.50.1గా మార్చాను. మాస్క్‌ను 255.255.255.0గానే ఉంచాను. ఇక్కడ జాగ్రత్త అవసరం. మాస్క్ 255.255.0.0 అని ఉంటే 192.168తో మొదలయ్యేవన్నీ ఒకే వీధి అవుతాయి, అప్పుడు 50 అని మార్చినా ఘర్షణ తీరదు. సేవ్ నొక్కాక పేజీ గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. చెడిపోయిందేమోనని భయపడకండి. రౌటర్ కొత్త చిరునామాకు మారిపోయింది, బ్రౌజర్ ఇంకా పాతదాని దగ్గర ఎదురుచూస్తోంది, అంతే. ల్యాప్‌టాప్ కేబుల్ ఒకసారి తీసి పెట్టి 192.168.50.1 అని కొడితే పేజీ వచ్చింది. వాన్ కేబుల్ తిరిగి పెట్టిన నిమిషంలోపే ఇంటర్నెట్ వచ్చింది.

ఫోన్లు, టీవీ వైఫై ఆపి మళ్లీ వేయగానే కొత్త చిరునామాలు తీసుకున్నాయి. విండోస్ కంప్యూటర్ ఒకటి పాతదాన్నే పట్టుకుని కూర్చుంటే ఈ రెండు ఆదేశాలతో వదిలింది:

```
ipconfig /release
ipconfig /renew
```

ప్రింటర్ మాత్రం మొండికేసింది. దానికి ఎప్పుడో 192.168.1.20 అని చేత్తో రాసి పెట్టాను. రాసి పెట్టిన చిరునామా తనంతట తాను మారదు, ప్రింటర్ మీదే 192.168.50.20 అని మార్చాల్సి వచ్చింది. డీహెచ్‌సీపీ పంచే చిరునామాల పరిధిని ఈ రౌటర్ స్వయంగా మార్చుకుంది కానీ, పిల్లల ఫోన్లకు నేను కేటాయించిన చిరునామాల జాబితాను పాత అంకెలతోనే వదిలేసింది. రాత్రి ఆంక్షలు ఆ జాబితా మీదే ఆధారపడతాయి కాబట్టి ఒక్కొక్కటిగా దిద్దుకున్నాను.

ఎందుకు 50 అంటే ప్రత్యేక కారణం లేదు, 0, 1 కాకుండా ఉంటే చాలు. 10తో మొదలయ్యేవి మాత్రం వద్దనుకున్నాను. నేను ఇంటి నుంచి ఆఫీసు వీపీఎన్‌లోకి వెళ్తాను, మా ఆఫీసు లోపలి చిరునామాలన్నీ 10తోనే మొదలవుతాయి. ఒక ఘర్షణ తీర్చబోయి మరొకటి తెచ్చుకోవడం ఎందుకు?

ఈ రౌటర్ మీద నాకున్న ఒకే ఒక్క కోపం ఇక్కడే. బయటి వైపు వచ్చిన చిరునామా, లోపలి చిరునామా ఒకే వీధిలో ఉన్నాయని దానికి తెలుసు, రెండూ దాని పేజీలోనే ఉన్నాయి. అలాంటప్పుడు తనంతట తాను వేరే వీధికి మారిపోయే రౌటర్లు ఉన్నాయి, కనీసం తెర మీద హెచ్చరిక చూపేవి ఉన్నాయి. ఇది రెండూ చేయలేదు. ఒక్క వాక్యం చూపించి ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి. తయారీదారులు ఈ లోపాన్ని సరిదిద్దాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

వైఫై విస్తరిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవారు నా దారిలో రావద్దు. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు చిరునామాలు పంచే పని ముందు పెట్టె ఒక్కటే చేస్తుంది, ఇంటి మొత్తానికి ఒకే వీధి ఉంటుంది, ఈ ఘర్షణే పుట్టదు. నేను అలా పెట్టలేదు, ఎందుకంటే ఆ మోడ్‌లో ఈ రౌటర్‌లోని రాత్రి ఆంక్షలు పనిచేయవు. దానికి మూల్యం కూడా చెల్లిస్తున్నాను. ముందు గది వైఫైలో ఉన్న ఫోన్‌కు వెనక గదిలోని టీవీ కనిపించదు, ప్రింటర్ కూడా కనిపించదు. నాకు అది సర్దుకుపోయే విషయమే. అందరికీ కాకపోవచ్చు.

ఆరు నెలల కిందట మళ్లీ ఇదే లక్షణం కనిపించింది. వైఫై పేరు మార్చబోయి మా అబ్బాయి రౌటర్ వెనక ఉన్న రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చాడు. అలా చేస్తే అది మళ్లీ 192.168.1.1కు వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ రావడం లేదని చాలామంది మొదట చేసే పని కూడా రీసెట్టే, ఈ ఘర్షణలో అది రోగాన్ని మళ్లీ తెచ్చిపెడుతుంది. ఈసారి ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి గేట్‌వే చూశాను, 50కి బదులు 1 కనిపించింది. పది నిమిషాల్లో సరిచేసి, 192.168.50.1 అని ఒక చీటీ రాసి ఆ రంధ్రం మీదే అంటించాను.